లాభం నుంచి బ్యాంకు ఖాతా దాకా

1975 అక్టోబరు 2న అమెరికాలో డబ్ల్యూ.టి. గ్రాంట్ అనే కంపెనీ దివాలా పిటిషన్ వేసింది. దేశమంతటా వెయ్యికి పైగా దుకాణాలున్న పెద్ద సంస్థ అది. కూలిపోవడానికి కొద్దికాలం ముందు దాకా ఏటా లాభాలు ప్రకటించింది, వాటాదారులకు డివిడెండ్లు పంచింది. మార్కెట్లో దాని షేరుకు మంచి ధరే పలికేది. 1980లో లార్గే, స్టిక్నీ అనే ఇద్దరు అకౌంటింగ్ ఆచార్యులు ఆ కంపెనీ పాత లెక్కలు తీసి, ప్రకటించిన లాభం పక్కన వ్యాపారం నుంచి నిజంగా చేతికొచ్చిన డబ్బును పెట్టి చూశారు. పతనానికి ముందున్న పదేళ్లలో వ్యాపారం నికరంగా డబ్బు తెచ్చిపెట్టలేదని తేలింది. లాభమంతా ఖాతాదారుల దగ్గర వసూలు కావలసిన బాకీల్లోనూ, దుకాణాల్లో పేరుకుపోయిన సరుకులోనూ ఇరుక్కుంది. ఆ ఖాళీని కంపెనీ అప్పులతో పూడ్చుకుంటూ వచ్చింది.

ఇది అందరి కళ్లముందే జరిగినా ఎందుకు కనిపించలేదు? ఆ రోజుల్లో చాలామంది లాభానికి తరుగుదలను కలిపి, ఇదే వ్యాపారం తెచ్చిన నిధి అనుకునేవారు. బాకీలు, నిల్వలు ఎంత పెరిగాయో తీసివేసేవారు కాదు. అలా సగంలో ఆగిన లెక్కలో గ్రాంట్ ఆరోగ్యంగానే కనబడింది. ఆ లెక్కను చివరిదాకా తీసుకెళ్లేదే నగదు ప్రవాహ పట్టికలోని పరోక్ష పద్ధతి. అమెరికాలో 1987లో నగదు ప్రవాహ పట్టికను తప్పనిసరి చేశారు. మన దేశంలో 1997లో సవరించిన మూడో అకౌంటింగ్ ప్రమాణంతో అది ఈనాటి రూపానికి వచ్చింది. ఏ కంపెనీ వార్షిక నివేదిక తెరిచినా లాభనష్టాల ఖాతా, ఆస్తి అప్పుల పట్టిక తర్వాత కనిపించేది ఇదే.

నగదు లెక్క చూపడానికి రెండు దారులున్నాయి. ఖాతాదారుల నుంచి ఇంత వచ్చింది, సరుకు ఇచ్చినవాళ్లకు ఇంత పోయింది, జీతాలకు ఇంత పోయింది అని నేరుగా రాయడం ప్రత్యక్ష పద్ధతి. ముందే లెక్కగట్టిన లాభాన్ని తీసుకుని, అందులో డబ్బు కానివాటిని సరిచేస్తూ డబ్బు దగ్గరికి చేరడం పరోక్ష పద్ధతి. స్టాక్ ఎక్స్ఛేంజీల్లో నమోదైన కంపెనీలు వార్షిక నివేదికలో పరోక్ష పద్ధతినే వాడాలని సెబీ నిబంధన. చిన్న కంపెనీలకు ఈ పట్టిక నుంచే చట్టం మినహాయింపునిచ్చింది. అయినా అప్పు ఇచ్చే బ్యాంకు మేనేజరు దీన్ని అడక్క మానడు.

ఒక జిన్నింగ్ మిల్లు లెక్క

ఇది ఎలా నడుస్తుందో చూడటానికి పత్తి ప్రాంతంలో ఒక జిన్నింగ్ మిల్లును ఊహించుకుందాం. రైతుల దగ్గర, వ్యాపారుల దగ్గర పత్తి కొంటుంది. గింజ వేరుచేసి, దూదిని బేళ్లుగా కట్టి నూలు మిల్లులకు అమ్ముతుంది. గింజలు నూనె మిల్లులకు పోతాయి. రైతుకు డబ్బు వెంటనే ఇవ్వాలి. నూలు మిల్లు మాత్రం వారాల తర్వాత ఇస్తుంది. లాభానికీ డబ్బుకూ మధ్య ఎడం ఎలా వస్తుందో చూడటానికి ఇంతకంటే మంచి వ్యాపారం దొరకదు.

ఈ మిల్లు గత ఏడాది 20 కోట్ల అమ్మకాలు చేసింది. ఈ ఏడాది 24 కోట్లు చేసింది. పన్ను పోను నికర లాభం 45 లక్షలు. యజమాని సంతోషించాలి. కానీ ఏడాది మొదట్లో బ్యాంకులో 6 లక్షలుంటే, మార్చి 31న 7 లక్షలే ఉన్నాయి. పైగా సీసీ ఖాతాలో వాడుకున్న అప్పు 65 లక్షలు పెరిగింది. మరి ఆ 45 లక్షలు ఎటు పోయినట్టు?

మొదట 45 లక్షలకు పన్ను 15 లక్షలు తిరిగి కలిపి, పన్నుకు ముందున్న 60 లక్షల లాభం నుంచి మొదలుపెడతారు. పన్నుగా నిజంగా కట్టిన డబ్బును చివర్లో విడిగా తీసివేస్తారు. ఇక్కడి నుంచి సర్దుబాట్లు రెండు విడతలుగా సాగుతాయి.

డబ్బు కదలని అంకెలు

మొదటి విడతలో, లాభనష్టాల ఖాతాలో ఉన్నా వ్యాపారపు రోజువారీ డబ్బుతో సంబంధం లేనివాటిని తీసేస్తారు.

తరుగుదల 18 లక్షలు. జిన్నింగ్ యంత్రాలు అరిగిపోతున్నందుకు ఈ ఏడాది ఖర్చుగా రాసిన మొత్తమిది. ఈ ఏడాది దీనికోసం ఎవరికీ చెక్కు రాయలేదు. యంత్రం కొన్ననాడే డబ్బు పోయింది. ఖర్చుగా రాసి లాభాన్ని తగ్గించాం కాబట్టి ఇప్పుడు తిరిగి కలుపుతాం. చాలామంది ఇక్కడే పొరబడి, తరుగుదల వల్ల డబ్బు వస్తుందనుకుంటారు. తరుగుదల రూపాయి కూడా తేదు. తరుగుదల రాయకపోయి ఉంటే లాభం 78 లక్షలయ్యేది, ఈ 18 లక్షల కలుపుడు ఉండేది కాదు. మొత్తం మాత్రం 78 దగ్గరే నిలిచేది.

పాత లారీ అమ్మకంపై లాభం 3 లక్షలు. పుస్తకాల్లో 4 లక్షల విలువున్న లారీని 7 లక్షలకు అమ్మారు. వచ్చిన 7 లక్షలూ ఆస్తి అమ్మగా వచ్చిన డబ్బు కనుక, కింద పెట్టుబడుల భాగంలో పూర్తిగా చూపిస్తారు. లాభంలో చేరిన 3 లక్షలను ఇక్కడ తీసేయకపోతే అవి రెండుసార్లు లెక్కకొస్తాయి.

ఒక నూలు మిల్లు బాకీ వసూలు కావడం అనుమానంగా ఉందని 5 లక్షలు కేటాయింపు రాశారు. అదీ కాగితం మీది ఖర్చే కనుక తిరిగి కలుపుతాం. అప్పుపై వడ్డీ 32 లక్షలు మాత్రం నిజంగా కట్టిన డబ్బే. అయినా మన ప్రమాణాల ప్రకారం మామూలు కంపెనీల్లో అది అప్పుల భాగానికి చెందుతుంది. ఇక్కడ కలిపి, అక్కడ తీసివేస్తారు.

60కి 18 కలిపి, 3 తీసి, 5, 32 కలిపితే 112 లక్షలు. చేసిన అమ్మకాలన్నిటికీ ఆ రోజే డబ్బు చేతికొచ్చి, అమ్మిన సరుకు ఖర్చుకంతా ఆ రోజే డబ్బు ఇచ్చేసి ఉంటే మిల్లుకు మిగిలేది ఇదే. డబ్ల్యూ.టి. గ్రాంట్ లెక్క చూసినవారు ఇంచుమించు ఈ మెట్టు మీదే ఆగిపోయారు.

రావలసినవి, ఇవ్వవలసినవి

రెండో విడతలో వర్కింగ్ క్యాపిటల్ మార్పులు చూస్తారు. ఏడాది మొదటి రోజు, చివరి రోజు ఉన్న నిల్వలను పక్కపక్కన పెట్టి తేడా తీయడమే పని.

నూలు మిల్లుల నుంచి రావలసిన బాకీలు 90 లక్షల నుంచి 160 లక్షలకు పెరిగాయి. తేడా 70 లక్షలు. దీన్ని తీసివేయాలి. ఎందుకో ఒక్కసారి దగ్గరగా చూస్తే మిగతావన్నీ వాటంతటవే అర్థమవుతాయి. ఏడాది మొదట్లో వసూలు కావలసినవి 90 లక్షలు. ఏడాదిలో అమ్మినవి 2,400 లక్షలు. అంటే వసూలు చేయదగ్గది మొత్తం 2,490 లక్షలు. చివర్లో ఇంకా 160 మిగిలాయంటే చేతికొచ్చింది 2,330 లక్షలే. లాభం మాత్రం 2,400 వచ్చేసినట్టే లెక్కగట్టింది. ఆ 70 లక్షల తేడాను తగ్గిస్తే లాభం డబ్బు దగ్గరికి వస్తుంది. బాకీలు తగ్గి ఉంటే పాత బాకీలు కూడా వసూలైనట్టు, అప్పుడు కలుపుతాం.

పత్తి, బేళ్ల నిల్వ 110 లక్షల నుంచి 165 లక్షలకు పెరిగింది. లాభం లెక్కలో ఖర్చుగా రాసేది అమ్ముడైన సరుకు ఖరీదు మాత్రమే. గోదాములో ఉన్న పత్తి ఖర్చులోకి రాదు. కానీ దానికి డబ్బు చెల్లించాం, లేదా బాకీ పడ్డాం. అందుకే 55 లక్షలు తీసివేత. బాకీ పడ్డ సంగతిని తర్వాతి వరుస చూసుకుంటుంది. వ్యాపారులకు, ఇతరులకు మనం ఇవ్వవలసినవి 40 నుంచి 62 లక్షలకు పెరిగాయి. ఖర్చు రాశాం, సరుకు తెచ్చుకున్నాం, డబ్బు ఇంకా ఇవ్వలేదు. కాబట్టి 22 లక్షలు కలుపుతాం.

112లో 70, 55 పోయి, 22 కలిస్తే మిగిలింది 9 లక్షలు. పన్నుగా నిజంగా కట్టింది 13 లక్షలు. మిగతా 2 లక్షల పన్ను ఇంకా కట్టాల్సి ఉంది. అంటే 45 లక్షల లాభం చూపిన వ్యాపారం డబ్బు విషయంలో 4 లక్షల లోటులో ఉంది.

పట్టికగా రాస్తే ఇలా ఉంటుంది.

| అంశం | లక్షల్లో |
|---|---|
| పన్నుకు ముందు లాభం | 60 |
| తరుగుదల | +18 |
| లారీ అమ్మకంపై లాభం | −3 |
| అనుమానపు బాకీకి కేటాయింపు | +5 |
| వడ్డీ ఖర్చు | +32 |
| రావలసిన బాకీల పెరుగుదల | −70 |
| సరుకు నిల్వ పెరుగుదల | −55 |
| ఇవ్వవలసిన బాకీల పెరుగుదల | +22 |
| కట్టిన పన్ను | −13 |
| వ్యాపారం నుంచి నికర నగదు | −4 |
| లారీ అమ్మగా వచ్చింది | +7 |
| కొత్త బేళ్ల ప్రెస్సు కొనుగోలు | −35 |
| సీసీ ఖాతాలో పెరిగిన అప్పు | +65 |
| కట్టిన వడ్డీ | −32 |
| బ్యాంకు నిల్వలో మార్పు | +1 |

6 లక్షలు 7 లక్షలయ్యాయి. యజమాని ప్రశ్నకు జవాబు కూడా దొరికింది. లాభాన్ని ఎవరూ కాజేయలేదు. అది నూలు మిల్లుల బాకీల్లో, గోదాములోని పత్తిలో ఉంది. కొత్త ప్రెస్సు, కట్టిన వడ్డీ బ్యాంకు అప్పుతో నడిచాయి.

కుదరని తప్పు, కుదిరిన తప్పు

ఈ పద్ధతికి ఒక సహజమైన కాపలా ఉంది. చివరి అంకె బ్యాంకు నిల్వలో వచ్చిన మార్పుతో కలవాలి. లారీ లాభం 3 లక్షలు తీసేయడం మరిచిపోతే చివర 1 బదులు 4 వస్తుంది. సరిగ్గా 3 తేడా కనిపించగానే అనుభవమున్న అకౌంటెంటు చూపు లారీ మీదికి పోతుంది. కేటాయింపు విషయంలోనూ ఇలాగే పొరపాటు జరుగుతుంది. బాకీలను 160గా కాకుండా, కేటాయింపు పోను 155గా తీసుకుంటే పెరుగుదల 65 అవుతుంది. కేటాయింపు అందులోనే సర్దుకుంది. మళ్లీ పైన 5 కలిపితే ఒకే 5 లక్షలు రెండుసార్లు కలిసినట్టే. ఇదీ చివర్లో బయటపడుతుంది. ఈ రకం తప్పులు లెక్కను కుదరనివ్వవు కాబట్టి వాటివల్ల పెద్ద ప్రమాదం లేదు.

లెక్క కుదిరినా దాగే తప్పులు వేరే ఉన్నాయి. మన మిల్లులో ఇవ్వవలసిన బాకీలు 22 లక్షలు పెరిగాయన్నాం. అందులో 12 లక్షలు ప్రెస్సు అమ్మిన కంపెనీకి ఇంకా ఇవ్వనివి అనుకుందాం. అప్పుడు ప్రెస్సుకు ఈ ఏడాది నిజంగా పోయిన డబ్బు 23 లక్షలే. పత్తి కొనుగోళ్ల బాకీ పెరిగింది 10 లక్షలే. సరిగ్గా రాస్తే వ్యాపారపు లోటు 4 కాదు, 16 లక్షలు. పెట్టుబడుల లోటు 28 నుంచి 16కు తగ్గుతుంది. రెండు భాగాలూ కలిపితే అప్పుడూ ఇప్పుడూ 32 లక్షల లోటే కనుక బ్యాంకు నిల్వతో పోల్చి ఈ తప్పును పట్టుకోలేం. యంత్రాల బాకీని మామూలు బాకీల నుంచి వేరుచేశారా అని ఆస్తి అప్పుల పట్టిక కింది వివరణల్లో వెతకాలి.

తేదీతో ఆడుకోవడం మరో దారి. మార్చి చివరి వారంలో ఇవ్వవలసిన డబ్బు ఏప్రిల్ మొదటి వారానికి జరిపితే ఆ ఏడాది నగదు బాగా కనిపిస్తుంది, మరుసటి ఏడాది అంత దెబ్బా తగులుతుంది. కొనుగోలుదారు ఇవ్వకపోతే తిరిగి మనమే కట్టాలన్న షరతు మీద బిల్లులను బ్యాంకులో డిస్కౌంట్ చేయించుకుని, బాకీలు తగ్గినట్టు రాయడమూ ఉంది. అది వసూలు కాదు, అప్పు. దాని చోటు అప్పుల భాగంలోనే.

వ్యాపారపు రుతువును కూడా మరవకూడదు. పత్తి ప్రధానంగా నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా మిల్లులకు వస్తుంది. అప్పుడు కొన్న పత్తిలో పెద్ద భాగం మార్చి 31 నాటికి గోదాముల్లోనే ఉంటుంది. సెప్టెంబరు నాటికి గోదాములు ఖాళీ అవుతాయి. మార్చి నుంచి సెప్టెంబరు దాకా లెక్క వేస్తే ఏ జిన్నింగ్ మిల్లయినా డబ్బు కురిపిస్తున్నట్టే ఉంటుంది. మార్చిని మార్చితోనే, సెప్టెంబరును సెప్టెంబరుతోనే పోల్చాలి.

చివరి అంకే అబద్ధమైతే

ఈ పద్ధతికి ఒక హద్దుంది. ఆ హద్దు హైదరాబాదులోనే బయటపడింది. 2009 జనవరి 7న సత్యం కంప్యూటర్స్ చైర్మన్ బి. రామలింగరాజు కంపెనీ బోర్డుకు ఉత్తరం రాశారు. 2008 సెప్టెంబరు 30 నాటి లెక్కల్లో చూపిన 5,361 కోట్ల నగదు, బ్యాంకు నిల్వల్లో 5,040 కోట్లు అసలు లేనేలేవని అందులో ఒప్పుకున్నారు.

సాధారణంగా లేని అమ్మకాలు పుట్టించిన కంపెనీలో వసూలు కాని బాకీలు కొండలా పెరుగుతాయి. పరోక్ష పద్ధతి ఆ పెరుగుదలను లాభం నుంచి తీసివేసి, లాభమెంతో డబ్బెంతో విడదీసి చూపిస్తుంది. సత్యంలో బూటకపు రాబడిలో పెద్ద భాగాన్ని బాకీగా ఉంచలేదు. వసూలై బ్యాంకులో చేరినట్టు రాశారు. లాభమూ అబద్ధమే, అది చేరుకోవలసిన బ్యాంకు నిల్వా అబద్ధమే. కాబట్టి మధ్యలోని సర్దుబాట్లు చక్కగా కుదిరాయి. నగదు ప్రవాహ పట్టిక ఒక చివర నుంచి మరో చివరకు వేసిన దారి మాత్రమే. బ్యాంకు నిల్వ నిజమో కాదో అది చెప్పలేదు. దాన్ని ఆడిటరు కంపెనీ ఇచ్చిన కాగితాలు చూసి కాక, బ్యాంకు నుంచి నేరుగా తెప్పించుకున్న ధ్రువీకరణతోనే తేల్చుకోవాలి.

పట్టికను చదవడం

బ్యాంకు నిల్వ నిజమే అనుకుంటే, మదుపుదారుకైనా, అప్పు ఇచ్చేవారికైనా ఈ పట్టిక చెప్పేది చాలా ఉంది. తరుగుదల, వడ్డీ రెండూ తిరిగి కలుపుతున్నాం కాబట్టి యంత్రాలు, అప్పులు ఉన్న కంపెనీలో వ్యాపారపు నగదు మామూలుగా నికర లాభం కంటే ఎక్కువే ఉండాలి. మన మిల్లు లాభం 45 లక్షలు, దానికి 18, 32 కలిపితే 95. అంటే ఇంచుమించు ఆ స్థాయిలో డబ్బు రావలసింది, వచ్చింది లోటు. పైగా ఈ లోటు వడ్డీ కట్టకముందుది. కట్టిన 32 లక్షలు కూడా తీసేస్తే అసలు కొరత 36 లక్షలు.

ఒక్క ఏడాది లోటు చూసి భయపడనక్కర్లేదు. పెరుగుతున్న వ్యాపారానికి ఎక్కువ సరుకు కావాలి, ఎక్కువ అరువు ఇవ్వాలి. ఆ పెరుగుదల అమ్మకాలతో సమానంగా ఉందా, దాన్ని మించిపోయిందా అన్నదే చూడాలి. మన మిల్లు అమ్మకాలు 20 శాతం పెరిగాయి. రావలసిన బాకీలు దాదాపు 78 శాతం, నిల్వలు 50 శాతం పెరిగాయి. గత ఏడాది బాకీలు సుమారు 16 రోజుల అమ్మకాలకు సమానం, ఈ ఏడాది 24 రోజులకు. కొన్ని నూలు మిల్లులు డబ్బు ఆలస్యంగా ఇస్తున్నాయా, లేక మార్చిలో అమ్మకాలు పెంచుకోవడానికి ఈ మిల్లే ఎక్కువ గడువిచ్చిందా? పత్తి నిల్వ రాబోయే ఆర్డర్ల కోసమా, ధర పెరుగుతుందన్న ఆశతో ఆపిందా? ధర పడిపోతే ఆ 165 లక్షల నిల్వ విలువ కూడా పడిపోతుంది, సీసీ అప్పు మాత్రం తగ్గదు.

కాబట్టి మూడు నుంచి ఐదేళ్ల పట్టికలు తీసుకోండి. అన్నేళ్ల నికర లాభాలను ఒక చోట, వ్యాపారం నుంచి వచ్చిన నికర నగదును ఇంకో చోట కూడండి. ఏడాదికేడాది ఒడిదుడుకులు, తేదీల ఆటలు ఆ కూడికలో చాలావరకు ఒకదానికొకటి చెల్లిపోతాయి. నగదు మొత్తం లాభాల మొత్తం కంటే తక్కువుంటే, సర్దుబాట్లలో ఏ వరుస ఏటా తీసివేతగానే వస్తోందో గుర్తించండి. అది రావలసిన బాకీలైతే ఎవరు ఇవ్వాలో, ఎన్ని రోజులుగా ఇవ్వడం లేదో అడగండి. నిల్వలైతే ఎప్పటి సరుకో, ఈరోజు ధరకు ఎంతకు పోతుందో అడగండి. సరైన జవాబు లేని చోట ఆ కంపెనీ లాభాన్ని చూసి షేరు కొనకండి, అరువు మీద సరుకూ ఇవ్వకండి.